గామానా, ఎలక్ట్రానా? బేరియం కేంద్రకం ముందున్న రెండు దారులు

న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసిన ఎవరినైనా సీజియం-137 గామా శక్తి ఎంత అని అడిగితే తడుముకోకుండా 662 అంటారు. ఆ అంకె కిలో ఎలక్ట్రాన్ వోల్టులలో, వాడుకలో చెప్పాలంటే కేఈవీలలో. జవాబు సరైనదే, కానీ ఆ గామా సీజియంది కాదు. సీజియం కేంద్రకం బీటా కణాన్ని వదిలి బేరియం-137గా మారుతుంది. నూటికి దాదాపు 94 సార్లు ఆ బేరియం 662 కేఈవీ అదనపు శక్తితో పుడుతుంది. గామా వచ్చేది దాని నుంచి. అయితే అలా పుట్టిన కేంద్రకాల్లో సుమారు పదింట ఒకటి గామాను అసలు వదలదు. తన పరమాణువులోనే ఉన్న ఒక ఎలక్ట్రాన్‌కు ఆ శక్తి మొత్తం ఇచ్చి దాన్ని బయటికి పంపేస్తుంది. దీన్నే ఇంటర్నల్ కన్వర్షన్ అంటారు, బయటపడిన ఎలక్ట్రాన్‌ను కన్వర్షన్ ఎలక్ట్రాన్ అంటారు. గామా డిటెక్టర్ ఎంత మంచిదైనా ఈ ఎలక్ట్రాన్ దానికి దొరకదు.

ఉత్తేజిత కేంద్రకాలు మామూలుగా సెకనులో లక్షల కోట్ల వంతులోపే, అంటే పికోసెకన్లలోనే, శక్తిని వదిలించుకుంటాయి. బేరియంలోని ఈ స్థితి మాత్రం 2.55 నిమిషాల అర్ధాయువుతో నిలుస్తుంది. ఇలా ఆగిపోయే స్థితులే ఐసోమర్లు. ఒకే కేంద్రకానికి రెండు వేర్వేరు అర్ధాయువులు ఉండగలవని మొదట చూపినవాడు ఒట్టో హాన్, 1921లో, యురేనియం వంశంలోని ప్రొటాక్టీనియం-234లో. అది ఎందుకు జరుగుతుందో వైజ్‌సేకర్ 1936లో చెప్పాడు: కింది స్థితికీ పై స్థితికీ స్పిన్‌లో పెద్ద తేడా ఉంటే దిగడం కష్టమవుతుంది.

బేరియం విషయంలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పై స్థితి స్పిన్ 11/2, కింది స్థితిది 3/2. దిగాలంటే కనీసం 4 యూనిట్ల కోణీయ ద్రవ్యవేగాన్ని గామా ఫోటాన్ మోసుకుపోవాలి. ఆ ఫోటాన్ తరంగదైర్ఘ్యం కేంద్రకం వ్యాసార్ధానికి సుమారు 300 రెట్లు. అంత చిన్న మూలం నుంచి అంత పొడవైన తరంగం ఎక్కువ కోణీయ ద్రవ్యవేగంతో బయలుదేరడం చాలా కష్టం. ఒక్కో అదనపు యూనిట్‌కూ ఉద్గారం వేగం వేల రెట్లు పడిపోతుంది. నాలుగు యూనిట్లు వచ్చేసరికి పికోసెకన్లు నిమిషాలుగా సాగుతాయి. ఈ పరివర్తనను స్పెక్ట్రోస్కోపీ భాషలో ఎం4 అంటారు: అయస్కాంత రకం, నాలుగు యూనిట్లు.

మధ్యలో గామా లేదు

ఇంటర్నల్ కన్వర్షన్ గురించి చాలామందికి ఉన్న ఊహ ఇది: కేంద్రకం ముందు గామాను వదులుతుంది, అది దారిలో సొంత ఎలక్ట్రాన్‌ను కొడుతుంది, ఫోటో ఎలక్ట్రిక్ ఫలితంలా ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. తొలి రోజుల్లో భౌతిక శాస్త్రవేత్తలు కూడా ఇలాగే అనుకున్నారు. ఇది తప్పు అని ఒక్క ఉదాహరణతో తేల్చేయవచ్చు. జెర్మేనియం-72లో 691 కేఈవీ దగ్గర స్పిన్ సున్నా ఉన్న స్థితి ఉంది, దాని కింద ఉన్న భూస్థితి స్పిన్ కూడా సున్నాయే. ఫోటాన్ కనీసం ఒక యూనిట్ కోణీయ ద్రవ్యవేగాన్ని మోయాలి కాబట్టి ఒక్క గామాతో ఈ దిగుడు అసాధ్యం. అయినా అక్కడి నుంచి కన్వర్షన్ ఎలక్ట్రాన్లు వస్తాయి. లేని గామా ఎలక్ట్రాన్‌ను కొట్టలేదు కదా.

నిజానికి జరిగేది నేరుగా జరిగే మార్పిడి. లోపలి షెల్‌లోని ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ దూరంగా తిరిగే గోళీ కాదు. దాని తరంగం కేంద్రకం లోపలికి కూడా చొచ్చుకొని ఉంటుంది. కేంద్రకంలో ఆవేశాలూ ప్రవాహాలూ మారినప్పుడు వాటి విద్యుదయస్కాంత క్షేత్రం ఆ ఎలక్ట్రాన్‌ను సూటిగా తాకుతుంది. కాబట్టి గామా, కన్వర్షన్ అనేవి ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకదానితో ఒకటి పోటీ పడే రెండు దారులు. పోటీ ఫలితాన్ని కన్వర్షన్ గుణకం అనే ఒక్క నిష్పత్తి చెబుతుంది:

α = Ne / Nγ

Ne అంటే వచ్చిన కన్వర్షన్ ఎలక్ట్రాన్ల సంఖ్య, Nγ అంటే వచ్చిన గామాల సంఖ్య. మొత్తం క్షయం వేగం గామా ఒక్కదాని వేగానికి (1 + α) రెట్లు అవుతుంది. బేరియం ఐసోమర్‌కు α సుమారు 0.11. అంటే ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసిన బేరియం కేంద్రకాన్ని ఊహిస్తే దాని అర్ధాయువు 2.55 నుంచి 2.83 నిమిషాలకు పెరగాలి. కేంద్రకం తనంతట తానే క్షీణిస్తుందనీ, చుట్టూ ఏముందో దానికి పట్టదనీ మనం పాఠాల్లో నేర్చుకున్న మాటకు ఇది నిజమైన సవరణ.

ఐసోమర్లలో కన్వర్షన్ ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఎక్కువ కోణీయ ద్రవ్యవేగంతో దూరం వెళ్లే తరంగాన్ని పుట్టించడం కేంద్రకానికి కష్టం. కానీ దగ్గర్లోని క్షేత్రం మాత్రం బలంగానే ఉంటుంది, లోపలి ఎలక్ట్రాన్ ఆ దగ్గరే ఉంది. గామా దారి ఇరుకయ్యే కొద్దీ ఎలక్ట్రాన్ దారి వాటా పెరుగుతుంది. పరివర్తన శక్తి తగ్గినా వాటా పెరుగుతుంది. పరమాణు సంఖ్య పెరిగితే లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి మరింత దగ్గరవుతాయి కనుక అప్పుడూ పెరుగుతుంది, దాదాపు పరమాణు సంఖ్య ఘనంతో.

అందుకే ఈ గుణకం ఒక వేలిముద్రలా పనికొస్తుంది. 662 కేఈవీ పరివర్తన మామూలు ఈ2 రకం, అంటే విద్యుత్ రకం, రెండు యూనిట్లది, అయి ఉంటే అన్నిటికన్నా లోపలిదైన కె-షెల్ గుణకం సుమారు 0.004 వచ్చేది. కొలిస్తే వచ్చేది 0.09. తేడా ఇరవై రెట్లు. గామా శక్తిని ఎంత నిశితంగా కొలిచినా ఈ తేడా తెలియదు, ఎందుకంటే ఈ2 అయినా ఎం4 అయినా గామా శక్తి 662యే. స్పిన్ గురించిన సాక్ష్యం ఎలక్ట్రాన్ల లెక్కలో ఉంది.

ఎలక్ట్రాన్‌ను పట్టుకోవడం

కన్వర్షన్ ఎలక్ట్రాన్ శక్తి లెక్క తేలిక. పరివర్తన శక్తిలోంచి ఆ ఎలక్ట్రాన్‌ను పరమాణువులో కట్టి ఉంచిన శక్తిని తీసేయాలి. బేరియం కె-షెల్ బంధన శక్తి 37.4 కేఈవీ, కాబట్టి కె-ఎలక్ట్రాన్ 624.2 కేఈవీతో వస్తుంది. ఎల్-షెల్‌ది సుమారు 6 కేఈవీ, ఎల్-ఎలక్ట్రాన్ 655.7 దగ్గర వస్తుంది. బీటా కణాల్లా వీటికి సున్నా నుంచి పరిమితి దాకా పరుచుకున్న పంపిణీ ఉండదు, సన్నటి గీతలుగా వస్తాయి. సీజియం-137 ప్రతి వంద క్షయాల్లో 85 గామాలు, 7.8 కె-ఎలక్ట్రాన్లు, 1.4 ఎల్-ఎలక్ట్రాన్లు, ఇంకా పై షెల్స్ నుంచి చాలా కొద్దిగా.

మరి కాలేజీ ల్యాబులో అదే సీజియం సోర్స్ దగ్గర ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన వాళ్లకు ఈ ఎలక్ట్రాన్ ఎందుకు కనిపించదు? 624 కేఈవీ ఎలక్ట్రాన్ ప్లాస్టిక్‌లో రెండు మిల్లీమీటర్లు పోగానే ఆగిపోతుంది. ల్యాబులో ఇచ్చే బిళ్ల సోర్స్ సరిగ్గా అలాంటి ప్లాస్టిక్‌లో సీలు చేసి ఉంటుంది. గామాలు దాన్ని లెక్కచేయవు, ఎలక్ట్రాన్లు అందులోనే చనిపోతాయి. కాబట్టి ఈ కొలతకు తెరిచి ఉన్న, చాలా పలుచని సోర్స్ కావాలి. సన్నని మైలార్ పొర మీద సీజియం ద్రావణం చుక్క ఆరబెట్టి తయారుచేస్తారు. అనుమతి, శిక్షణ ఉన్న చోటే చేయాల్సిన పని ఇది. సోర్స్‌నూ డిటెక్టర్‌నూ శూన్యంలో పెట్టాలి, ఎందుకంటే గాలిలో ఎలక్ట్రాన్ సెంటీమీటరుకు సుమారు 2 కేఈవీ పోగొట్టుకుంటుంది. ఐదు సెంటీమీటర్ల గాలి దాటితే గీత పది కేఈవీ కిందికి జారడమే కాదు, వెడల్పు కూడా అవుతుంది.

డిటెక్టర్‌గా సిలికాన్ బాగుంటుంది. జెర్మేనియం గామాలను ఎక్కువగా పట్టుకుంటుంది, ఇక్కడ మనకు అది అడ్డం. సిలికాన్ తేలిక మూలకం కాబట్టి చాలా గామాలు దాన్ని దాటిపోతాయి, ఎలక్ట్రాన్లు మాత్రం పూర్తిగా ఆగుతాయి. కానీ మందం చూసుకోవాలి. 624 కేఈవీ ఎలక్ట్రాన్‌ను ఆపాలంటే సుమారు ఒక మిల్లీమీటరు సిలికాన్ కావాలి. ఆల్ఫా కణాల కోసం కొన్న 0.1 లేదా 0.3 మిల్లీమీటర్ల డిటెక్టర్ పెడితే ఎలక్ట్రాన్ అందులోంచి దూసుకుపోతుంది, శిఖరం బదులు తక్కువ శక్తిలో ఒక గుట్ట వస్తుంది. అందుకే కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న లిథియం కలిపిన సిలికాన్ డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి వాడతారు. అప్పుడు రెండు మూడు కేఈవీల వెడల్పుతో గీతలు దొరుకుతాయి. కె, ఎల్ గీతల మధ్య 31 కేఈవీ ఎడం ఉంది, విడదీయడం కష్టం కాదు.

సీజియంలో మరో మంచి సౌలభ్యం ఉంది. బలమైన బీటా శాఖ 514 కేఈవీ దగ్గర ముగుస్తుంది. 662 గామా సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను ఢీకొని కొంత శక్తి మాత్రమే ఇచ్చినప్పుడు వచ్చే కాంప్టన్ గుట్ట 477 దగ్గరే ఆగుతుంది. 624 గీత ఈ రెండింటికీ పైన, దాదాపు ఖాళీగా ఉన్న చోట నిలబడుతుంది. దాని కింద ఉండేది 1176 కేఈవీ దాకా పోయే బలహీనమైన బీటా శాఖ మాత్రమే. శక్తి స్కేలు సరిచూడడానికి బిస్మత్-207 వాడతారు, దాని కన్వర్షన్ గీతలు 482, 976 కేఈవీల దగ్గర ఉండి మన గీతను రెండు వైపులా పట్టుకుంటాయి.

కనిపించిన శిఖరం నిజంగా ఎలక్ట్రాన్‌దేనా అని తేల్చడం ఎలా? మధ్యలో ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు పెట్టాలి. కన్వర్షన్ ఎలక్ట్రాన్లు పూర్తిగా ఆగుతాయి, గామాలు రెండు శాతం మాత్రమే తగ్గుతాయి. రేకుతో మాయమైనది ఎలక్ట్రాన్ల వాటా, మిగిలింది గామాల వల్ల వచ్చిన నేపథ్యం. రేకు ఉన్న స్పెక్ట్రంను లేనిదానిలోంచి తీసేస్తే శిఖరం విస్తీర్ణం నమ్మదగ్గదవుతుంది.

శిఖరానికి ఎడమ పక్కన ఎప్పుడూ ఒక తోక ఉంటుంది. దీని కారణం రెండు రకాలు, వాటిని కలిపేస్తే లెక్క తప్పుతుంది. కొన్ని ఎలక్ట్రాన్లు సిలికాన్‌లోకి దిగి, కొంత శక్తి ఇచ్చి, వెనక్కి తిరిగి బయటికి వచ్చేస్తాయి. అప్పుడు శిఖరం తన చోటే ఉంటుంది, కింద పొడవైన చదునైన తోక మాత్రం వస్తుంది. ఇది డిటెక్టర్ స్వభావం, సోర్స్ మార్చినా పోదు. సోర్స్ మందంగా ఉన్నా, ఉప్పు గడ్డకట్టినా, ఎలక్ట్రాన్లు బయటపడే ముందే శక్తి పోగొట్టుకుంటాయి. అప్పుడు శిఖరమే కిందికి జరిగి ఎడమకు వంగుతుంది. శిఖరం జరిగిందా లేదా అన్నదే తేడా చెబుతుంది.

అన్నిటికన్నా మోసం చేసే తప్పు ఇంకొకటి. కె-షెల్ నుంచి ఎలక్ట్రాన్ పోయాక ఆ ఖాళీని పై షెల్ ఎలక్ట్రాన్ నింపుతుంది. పదింట తొమ్మిది సార్లు 32 లేదా 36 కేఈవీ ఎక్స్‌రే వస్తుంది. ఎలక్ట్రాన్, ఎక్స్‌రే ఒకే క్షణంలో వస్తాయి కాబట్టి రెండూ డిటెక్టర్‌లో పడితే అది వాటిని కలిపి ఒకటిగా లెక్కిస్తుంది. 624కు 32 కలిపితే 656. అది సరిగ్గా ఎల్-గీత ఉండే చోటు! కె-గీత నుంచి దొంగిలించిన లెక్క ఎల్-గీతలో చేరిపోతుంది. అక్కడ మరో గీత ఉన్న ఆనవాలే ఉండదు.

ఎంత నష్టమో అంచనా వేద్దాం. డిటెక్టర్, సోర్స్ చుట్టూ ఉన్న గోళంలో పదో వంతును కప్పేంత దగ్గరగా ఉందనుకోండి. 32 కేఈవీ ఎక్స్‌రే వచ్చే అవకాశం సుమారు 0.73, మూడు మిల్లీమీటర్ల సిలికాన్‌లో ఆగే అవకాశం సుమారు 0.55. మూడింటినీ గుణిస్తే 0.04. అంటే కె-ఎలక్ట్రాన్లలో నాలుగు శాతం ఎల్-గీతకు జారిపోతాయి. నాలుగు శాతం చిన్నదే అనిపిస్తుంది. కానీ ఎల్-గీత అసలు విస్తీర్ణం కె-గీతలో 18 శాతమే, కాబట్టి అది అయిదో వంతుకు పైగా ఉబ్బుతుంది. కె, ఎల్ నిష్పత్తి 5.6 రావాల్సింది 4.5కు దిగువకు పడిపోతుంది. ఆ నిష్పత్తితోనే పరివర్తన రకాన్ని నిర్ణయించే వాళ్లకు ఇది పెద్ద దెబ్బ. పట్టుకునే మార్గం ఒక్కటే: సోర్స్‌ను దూరం జరిపి మళ్లీ కొలవాలి. నిష్పత్తి మారితే అది కలిసిపోవడం వల్ల వచ్చిందే. బీటాతో మాత్రం ఈ భయం లేదు, బీటాకూ కన్వర్షన్‌కూ మధ్య నిమిషాల ఎడం ఉంది. ఐసోమర్ దీర్ఘాయువు ఇక్కడ మనకు మేలు చేస్తుంది.

అదే ఎక్స్‌రే మరో వైపు నుంచి సాయం కూడా చేస్తుంది. ఎలక్ట్రాన్‌ను చూడకుండానే కె-గుణకం కొలవవచ్చు. సీలు వేసిన మామూలు సోర్స్ చాలు, జెర్మేనియం డిటెక్టర్‌లో ఎక్స్‌రేలనూ గామాలనూ లెక్కపెట్టి, రెండు శక్తుల దగ్గరా డిటెక్టర్ సామర్థ్యానికి సరిచేయాలి. వంద క్షయాలకు 7.0 ఎక్స్‌రేలు, 85.1 గామాలు వస్తాయి. ఎక్స్‌రే వచ్చే అవకాశం 0.90 కనుక 7.0ను ముందు 0.90తో, తర్వాత 85.1తో భాగిస్తే 0.091. ఎలక్ట్రాన్లను నేరుగా లెక్కపెట్టినా అదే రావాలి: 7.8ను 85.1తో భాగిస్తే 0.092. రెండు పద్ధతుల్లో వచ్చే పొరపాట్లు వేర్వేరు కాబట్టి ఈ రెండు అంకెలు కలవడం నాకు ఏ ఒక్క కచ్చితమైన కొలతకన్నా ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

సిలికాన్ రాకముందు ఈ పని అయస్కాంతాలు చేసేవి. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ వంగే వ్యాసార్ధం దాని ద్రవ్యవేగాన్ని చెబుతుంది. సీజియం కె-గీతకు క్షేత్రం, వ్యాసార్ధాల లబ్ధం 3381 గాస్-సెంటీమీటర్లు, పది సెంటీమీటర్ల వ్యాసార్ధానికి 338 గాస్ చాలు. స్వీడన్‌లో కై సీగ్‌బాన్ ఈ స్పెక్ట్రోమీటర్లను మెరుగుపరుస్తూ పోయి, అదే నైపుణ్యంతో పదార్థాల రసాయన స్థితిని ఎలక్ట్రాన్ శక్తితో చదివే పద్ధతిని నిర్మించి 1981లో నోబెల్ అందుకున్నాడు. తెలుగునాట ఈ విద్యకు పునాది వేసినవారు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన చేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిర్మించారు. అక్కడి పరిశోధనాలయం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

శక్తి చాలనప్పుడు

బేరియంలో ఏ షెల్‌నైనా తెంచేంత శక్తి ఉంది. శక్తి తక్కువైతే కొన్ని షెల్స్ పోటీలోనే ఉండవు. ఆసుపత్రి స్కాన్లలో వాడే టెక్నీషియం-99 ఐసోమర్ మొదట దిగేది కేవలం 2.17 కేఈవీ. మనం వాడుకునే 140 కేఈవీ గామా ఆ తర్వాతి మెట్టు. టెక్నీషియం కె, ఎల్ షెల్స్ రెండూ 2.17 కన్నా గట్టిగా కట్టి ఉంటాయి, కాబట్టి కన్వర్షన్ ఎం, ఎన్ షెల్స్ నుంచే జరగాలి. అవి బయటి షెల్స్, రసాయన బంధాలు వాటిని కొద్దిగా కదిలిస్తాయి. 1950ల తొలినాళ్లలో బైన్‌బ్రిడ్జ్ బృందం టెక్నీషియంను వేర్వేరు సమ్మేళనాల్లో పెట్టి కొలిస్తే అర్ధాయువులో సుమారు 0.3 శాతం తేడా కనిపించింది.

థోరియం-229లో ఇదే సంగతి చివరి అంచుకు వెళుతుంది. దాని ఐసోమర్ శక్తి 8.36 ఎలక్ట్రాన్ వోల్టులు, కిలోలు కాదు. థోరియం పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి 6.3 చాలు, రెండోదానికి దాదాపు 12 కావాలి. కాబట్టి తటస్థ పరమాణువులో కన్వర్షన్ జరుగుతుంది, అర్ధాయువు 7 మైక్రోసెకన్లు. ఒక ఎలక్ట్రాన్ పోయిన అయాన్‌లోనే ఆ దారి మూసుకుపోతుంది, రెండు మూడు ఎలక్ట్రాన్లు పోయిన అయాన్‌లో ఐసోమర్ నిమిషాల తరబడి నిలుస్తుంది. కన్వర్షన్ గుణకం ఇక్కడ వంద కోట్ల స్థాయిలో ఉంటుంది.

2016లో మ్యూనిక్ పరిశోధకులు ఈ తేడానే సాధనంగా వాడుకున్నారు. యురేనియం-233 ఆల్ఫా క్షయంలో సుమారు 2 శాతం సార్లు ఈ ఐసోమర్ పుడుతుంది. విసిరిపడే థోరియం అయాన్లను హీలియంలో నెమ్మదింపజేసి, ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి, మైక్రోఛానల్ ప్లేట్ అనే ఎలక్ట్రాన్ డిటెక్టర్ మీద మెల్లగా దించారు. ఉపరితలం తాకగానే అయాన్ తటస్థమవుతుంది, మూసి ఉన్న దారి తెరుచుకుంటుంది, కేవలం రెండు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఒక ఎలక్ట్రాన్ బయటికొస్తుంది. అది ఢీకొన్నందువల్ల వచ్చిన సంకేతం కాదని ఎలా తెలుసు? యురేనియం-234 నుంచి వచ్చే థోరియం-230ను అదే విధంగా దించి చూశారు. రసాయనికంగా తేడా లేదు, ఐసోమర్ మాత్రం లేదు. సంకేతం రాలేదు. 2019లో అదే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి ఐసోమర్ శక్తి 8.28 ఎలక్ట్రాన్ వోల్టులని, 0.17 అనిశ్చితితో, తేల్చారు.

లేజర్‌తో ఈ కేంద్రకాన్ని లేపాలనుకున్న వాళ్లకు కావాల్సింది దీనికి వ్యతిరేకం, ఎలక్ట్రాన్ దారి మూసేయడం. థోరియంను కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో పెడితే అక్కడ ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి 8.36 చాలదు, ఫోటాన్ ఒక్కటే మిగులుతుంది. 2024లో ఆ స్ఫటికాల్లోనే లేజర్ ఉత్తేజం సాధ్యమైంది, 148 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిగా అది తిరిగి వచ్చింది. ఒక్కోసారి పది నిమిషాల స్థాయిలో వేచి ఉండాలి. 2025లో థోరియం ఆక్సైడ్‌తో చేసిన ప్రయోగం ఎలక్ట్రాన్ దారిని మళ్లీ తెరిచింది. అందులో 8.36 చాలుతుంది, కన్వర్షన్ మైక్రోసెకన్లలో ముగుస్తుంది, లేజర్ పల్స్ వెంటనే వచ్చే ఎలక్ట్రాన్లను లెక్కించవచ్చు. దానికి బదులు గీత వెడల్పును భరించాలి, ఎందుకంటే త్వరగా క్షీణించే స్థితి శక్తి అంత సన్నగా ఉండదు.